బరంపురంలో నా మంగళవారం: పొద్దున్నే ఏఐకి ఇచ్చే ఒక ప్రాంప్టు

హాయ్ అందరికీ, ఈ వీడియోలో ఈ రోజంతా నాతో ఉండండి. ఇప్పుడు ఉదయం ఏడు. మా అత్తవారి డాబా మీద ఉన్నాను, చేతిలో కాఫీ, కింద పాలవాడితో అత్తయ్య ఒడియాలో బేరం. డల్లాస్ నుంచి వచ్చి నెల దాటింది. ఇంకో నెల ఇక్కణ్ణించే ఆఫీసు పని. సెలవని వచ్చినవాళ్ళు అదృష్టవంతులు. నాకు పగలంతా చుట్టరికాలు, చీకటి పడ్డాక మీటింగులు.

మొదటి రెండు వారాలు ఏమైందంటే, పొద్దున్నే పనులన్నీ ఏఐ యాప్‌లో పెట్టి "ఈ రోజుకి టైంటేబుల్ చెయ్యి" అనేదాన్ని. చక్కగా వచ్చేది. తొమ్మిది నుంచి పదిన్నర ఇది, పదిన్నర నుంచి పన్నెండు అది, మధ్యలో ఊపిరి తీసుకునే సందు లేదు. పదకొండయ్యేసరికి చెదిరిపోయేది. ఒకరోజైతే డల్లాస్ ఇన్సూరెన్సు ఆఫీసుకి ఫోను చెయ్యడం మధ్యాహ్నం రెండింటికి పెట్టింది. అప్పుడక్కడ తెల్లవారుజాము మూడున్నర! తప్పు నాదే లెండి. ఆ పని ఏ వేళకి కుదురుతుందో నేను రాయలేదు.

అందుకని ప్రాంప్టు మార్చాను. చాలామంది అడిగారు కాబట్టి ఈ రోజుది ఉన్నదున్నట్టు పెడుతున్నాను.

```
మంగళవారం. ఇప్పుడు ఉదయం 7:00, ఇండియా టైం.
రాత్రి 9:30 తర్వాత పని పెట్టకు.

కదలనివి (టైం మార్చకు):
8:00-9:00 స్నానం, పూజ, టిఫిను
10:40-12:20 అత్తయ్య కంటి డాక్టరు (దారితో సహా)
1:00-2:30 భోజనం, కాస్త నడుం వాల్చడం
5:00-6:00 పెద్దమ్మగారు వస్తారు
7:30-9:00 ఆఫీసు మీటింగు
9:00-9:30 రాత్రి భోజనం

పనులు (నిమిషాలు):
డిజైన్ డాక్యుమెంటు 120, పగటి పూటే
కోడ్ రివ్యూ 45
మెయిళ్ళు 30
చీర తేవడం 60, కొట్టు సాయంత్రమే తీస్తారు
అప్పడాలు, పచ్చళ్ళ పెట్టె సర్దడం 45
వీడియో ఎడిటింగు 90
ఇన్సూరెన్సు ఫోను 30, రాత్రి 7:30 దాటాకే

1. ముందు కదలనివి తీసేసి, మిగిలిన ఖాళీలు నిమిషాల్లో చూపించు.
2. ఆ మొత్తంలో నాలుగింట మూడు వంతులే నింపు.
3. పట్టని పనిని "ఈ రోజు కాదు" కింద రాయి, కారణంతో.
4. 30 నిమిషాల కంటే చిన్న ముక్కలు చెయ్యకు.
```

ఇందులో ప్రాణం మొదటి నియమమే. ఖాళీలు ముందు లెక్క కట్టమనకపోతే నేరుగా పనులు పేర్చుకుంటూ పోతుంది, నేను కూడా అదే చేస్తాను మరి. ఈ రోజు లెక్క వేళ్ళ మీద చూద్దాం. ఏడు నుంచి ఎనిమిది 60, తొమ్మిది నుంచి పదీ నలభై దాకా 100, డాక్టరు తర్వాత 40, మధ్యాహ్నం 150, పెద్దమ్మగారు వెళ్ళాక 90. మొత్తం 440 నిమిషాలు. నాలుగింట మూడు వంతులంటే 330. నా పనులు కూడితే 420! అంటే పనిలోకి దిగకముందే గంటన్నర ఎక్కువ. ఈ సంగతి రాత్రి పదింటికి తెలిస్తే ఏడుపొస్తుంది, పొద్దున ఏడింటికి తెలిస్తే ఒక పని పక్కన పెడతాం, అంతే.

ప్లానులో "ఈ రోజు కాదు" కింద రెండు పడ్డాయి. వీడియో ఎడిటింగు, చోటు లేక. ఇన్సూరెన్సు ఫోను, దానికి కుదిరే వేళంతా మీటింగూ భోజనమూ తినేశాయి కాబట్టి. మిగిలినవి 300 నిమిషాలు. ఏడింటికి కోడ్ రివ్యూ. తొమ్మిదింటికి డాక్యుమెంటు 80 నిమిషాలు, మధ్యాహ్నం ఇంకో 40. డాక్టరు నుంచి వచ్చాక మెయిళ్ళు. మూడున్నర దాటాక పెట్టె సర్దడం. ఆరింటికి చీర.

రాగానే నమ్మెయ్యను. మూడు చూస్తాను, రెండు నిమిషాలు పడుతుంది. కదలనివాటి టైములు నేను రాసినట్టే ఉన్నాయా? ఒక్కోసారి భోజనాన్ని చడీచప్పుడు లేకుండా పావుగంట జరిపేస్తుంది. రెండోది, నేను రాసిన ఏడు పనులూ ప్లానులోనో, "ఈ రోజు కాదు"లోనో కనబడాలి. ఆరే కనబడితే ఒకటి మాటవరసకైనా చెప్పకుండా జారిపోయినట్టు. మూడోది కూడిక. కూడికల్లో తడబడ్డం నేను చూశాను, అందుకని మొత్తం నేనే వేసుకుంటాను.

"ఏటమ్మా, పొద్దున్నే ఆ ఫోనులో ఏటి కూడికలు?" అని అత్తయ్య కింద నుంచి. "మీ డాక్టరు టైమే అత్తయ్యా" అన్నాను.

ఇక అసలు కథ. (మీకిప్పుడు డాక్టరు దగ్గర వరండా కనిపిస్తోంది, లోపల షూట్ చెయ్యలేదు.) పదకొండుకి అపాయింట్‌మెంటు, సరిగ్గా పదకొండుకే పిలిచారు, నేను సంబరపడ్డాను. లోపలికెళ్ళాక కంటిపాప పెద్దది కావాలని చుక్కలు వేసి, అరగంట కళ్ళు మూసుకుని కూర్చోమన్నారు. తర్వాత మళ్ళీ చూశారు. నేను గంట అనుకున్నది గంటా ముప్పావు అయింది. ఇంటికొచ్చేసరికి ఒంటి గంటా ఐదు. మెయిళ్ళ అరగంట గాల్లో కలిసింది.

ఇదివరకైతే ఇక్కడితో ప్లాను వదిలేసి ఫోను చూసుకుంటూ కూర్చునేదాన్ని. ఇప్పుడు మధ్యాహ్నం రెండో ప్రాంప్టు ఉంది, నాలుగు ముక్కలు.

```
ఇప్పుడు 2:30. అయినవి: కోడ్ రివ్యూ, డాక్యుమెంటు 80 నిమిషాలు.
మెయిళ్ళు కాలేదు. మిగిలిన రోజు మాత్రమే మళ్ళీ వెయ్యి.
కదలనివి అలాగే. కొత్త పనులు చేర్చకు, "ఈ రోజు కాదు"లోవి వెనక్కి తేకు.
```

చివరి మాట ఎందుకంటే, అది లేకపోతే పొద్దున తీసేసిన వీడియో ఎడిటింగు మెల్లగా మళ్ళీ లోపలికొచ్చేస్తుంది. "ఇప్పుడు 2:30" అనకపోతే అయిపోయిన పొద్దుటికి కూడా ప్లాను వేస్తుంది, అదో తమాషా. రెండున్నర నుంచి ఐదు దాకా 150 నిమిషాలున్నాయి. డాక్యుమెంటు 40, మెయిళ్ళు 30, పెట్టె 45, అన్నీ కలిపి 115. ఇంకా 35 మిగిలాయి. పొద్దున నాలుగో వంతు ఖాళీగా వదిలినందుకే ఇది పట్టింది.

నిజం చెప్పాలంటే డాక్యుమెంటు 40లో అవ్వలేదు. ఆ మిగిలిన 35 కూడా తినేసింది, మరో పది పెట్టె దగ్గర కొట్టేసింది, పచ్చడి సీసాలకి రెండో కవరు రేపు చుడతాను. రాత్రి నోట్సులో ఒక్క లైను రాసుకున్నాను: డాక్యుమెంటు, అనుకున్నది 120, పట్టింది 165. కంటి డాక్టరు, అనుకున్నది 100, పట్టింది 145. వచ్చేసారి ప్రాంప్టులో ఈ అంకెలే వేస్తాను.

ఆరింటికి చీర. చూడండి, బరంపురం పట్టు, అంచు పొడుగునా ఈ గుడి గోపురాల్లాంటి కుంభాలు. మా ఆడపడుచుకి. ఏడూ పదికి ఇల్లు చేరి, మొహం కడుక్కుని మీటింగులో కూర్చున్నాను. ఇంకో మాట, డల్లాస్‌కీ మనకీ ఇప్పుడు పదిన్నర గంటల తేడా. నవంబరులో వాళ్ళు గడియారం వెనక్కి తిప్పాక పదకొండున్నర అవుతుంది. అప్పటికి ఇక్కడుంటే ఈ మీటింగు ఎనిమిదిన్నరకి, ప్రాంప్టులో ఆ లైను మార్చుకోవాలి.

భోజనాల దగ్గర అత్తయ్య నల్ల కళ్ళద్దాలు ఇంకా తియ్యలేదు. రేపటి కదలనివి ఇప్పుడే రాసేస్తున్నానని చెప్పాను. "అయితే నా కంటి చుక్కలు కూడా రాయి. రోజుకి నాలుగుసార్లంట. నువ్వే వెయ్యాలి" అన్నారు.

రాశాను. 8:00, 12:00, 4:00, 8:00. ఎనిమిదింటికి మీటింగులో ఉంటాను.