“అంది... అంది... అంది...” ఇంతకీ అన్నదెవరు? కథ డ్రాఫ్టులో సంభాషణలు సరిచూసుకోవడం

[తెర మీద: డ్రాఫ్టులోని ఒక పేరా. మొదట మౌనంగా కొన్ని క్షణాలు.]

సావిత్రి వంటింట్లోంచి వచ్చింది. “మామయ్యకి ఆపరేషన్ గురువారం అన్నారు.” అని అంది. పద్మ కూరలు తరగడం ఆపింది. “గురువారమా వదినా నాకు ఆ రోజు సెలవు దొరకదు,” అని అంది. “అయితే ఎవరు వెళ్తారు.” అని అడిగింది. “అన్నయ్య ఉన్నాడుగా.” అంది. “మీ అన్నయ్య సంగతి నీకు తెలీదా ఆసుపత్రి పేరెత్తితేనే ఒంట్లో బాగోదంటారు,” అంటూ నవ్వింది.

[వ్యాఖ్యాత]

నమస్కారం. ఈ పేరా ఈ వీడియో కోసమే రాసింది. వదినా ఆడబిడ్డా మాట్లాడుకుంటున్నారు. మాటల్లో జీవం ఉంది, విషయం ఉంది. కానీ మూడో వాక్యానికే చదివేవాడు వెనక్కి వెళ్ళి “ఇదెవరు అన్నారు?” అని చూసుకోవాల్సి వస్తోంది. కథ మార్చకుండా, ఒక్క మాట కూడా కొత్తగా కలపకుండా దీన్ని బాగు చేయొచ్చా? దాదాపుగా చేయొచ్చు.

చాలామంది కామాలతో మొదలుపెడతారు. నేనైతే కామాల జోలికి ఆఖర్న వెళ్తాను. ముందు పేరాలు విడగొట్టాలి. ఎందుకంటే పేరాలు సరిగ్గా విడిపోతే సగం ‘అంది’లు వాటంతటవే అనవసరమైపోతాయి. అవి పోతే వాటి చుట్టూ ఉన్న కామాల గొడవా పోతుంది.

మనిషి మారితే పేరా మారాలి. ఇది అందరికీ తెలిసిందే. తప్పు జరిగేది మాటల దగ్గర కాదు, మాటల మధ్య వచ్చే పనుల దగ్గర.

[తెర మీద: “పద్మ కూరలు తరగడం ఆపింది.” అన్న వాక్యం రంగు మారుతుంది.]

ఈ వాక్యం చూడండి. ఇప్పుడది సావిత్రి మాటకి అంటుకుని ఉంది. కానీ ఆ పని పద్మది, తర్వాతి మాటా పద్మదే. కాబట్టి పేరా ఈ వాక్యానికి ముందు విరగాలి, తర్వాత కాదు. పనీ మాటా ఒకే మనిషివైతే ఒకే పేరాలో ఉండాలి. అలా ఉంచితే ఇంకో లాభం: కత్తిపీట దగ్గర చెయ్యి ఆగింది పద్మదని తెలిశాక, ఆ వెంటనే వచ్చిన మాట ఎవరిదో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. అక్కడ ‘అంది’ తీసేయొచ్చు.

[తెర మీద: సరిచేసిన భాగం, ఒక్కో పేరా వరసగా వస్తుంది.]

సావిత్రి వంటింట్లోంచి వచ్చి, “మామయ్యకి ఆపరేషన్ గురువారం అన్నారు” అంది.

పద్మ కూరలు తరగడం ఆపింది. “గురువారమా, వదినా? నాకు ఆ రోజు సెలవు దొరకదు.”

“అయితే ఎవరు వెళ్తారు?”

“అన్నయ్య ఉన్నాడుగా.”

“మీ అన్నయ్య సంగతి నీకు తెలీదా? ఆసుపత్రి పేరెత్తితేనే ఒంట్లో బాగోదంటారు.” సావిత్రి నవ్వింది.

[వ్యాఖ్యాత]

అయిదు మాటల్లో ‘అంది’ ఒక్కటే మిగిలింది. అయినా ఎక్కడా తికమక లేదు. ఎందుకో చూద్దాం.

మన క్రియలో లింగం తెలిసిపోతుంది. అన్నాడు అంటే మగవాడు, అంది అంటే ఆడమనిషి. ఒక ఆడా ఒక మగా మాట్లాడుకుంటున్నప్పుడు పేర్లు లేకపోయినా బండి నడుస్తుంది. ఆ అలవాటుతోనే ఇద్దరు ఆడవాళ్ళ సంభాషణ రాస్తాం, లేదా ఇద్దరు స్నేహితులది రాస్తాం. అక్కడ ‘అంది’ వల్ల ఏమీ తెలియదు, ‘అన్నాడు’ వల్లా తెలియదు. డ్రాఫ్టు సరిచూసేటప్పుడు మొదట వెతకాల్సింది ఇలాంటి సీన్లనే.

వాటికి మందు ప్రతి వాక్యానికీ పేరు తగిలించడం కాదు. పిలుపులు చూడండి. “మామయ్యకి” అన్నది కోడలే అయ్యుండాలి. “వదినా” అన్నది ఆడబిడ్డ. “మీ అన్నయ్య” అన్న మాటతో మళ్ళీ సావిత్రి అని తేలిపోయింది. వరసలు, రా, వే, అండీ లాంటివి మన సంభాషణల్లో సగం పని చేసిపెడతాయి. డ్రాఫ్టులో ఒక్కో మాట దగ్గరా ఆగి, ఈ మాటలోనే మనిషి తెలుస్తోందా అని అడగండి. తెలుస్తుంటే ‘అంది’ కొట్టేయండి. తెలియకపోతే ఉంచండి. అయితే వరస తెలియాలని బలవంతంగా మాట మాటకీ “వదినా, వదినా” అని పెట్టొద్దు. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడుకోరు.

ఇక “అని అంది.” ఉన్న మాటని ఉన్నట్టుగా కొటేషన్లలో పెట్టాక “అంది” చాలు. “అని” అక్కడ ఉత్త బరువు. “అని అడిగింది”, “అని చెప్పింది” తప్పేమీ కావు గానీ, కొటేషన్ ఉన్నప్పుడు చాలాసార్లు “అడిగింది” ఒక్కటే సరిపోతుంది. కొటేషన్ లేకుండా చెప్పేటప్పుడు మాత్రం “అని” తీసేయకండి. ‘సెలవు దొరకదని చెప్పింది’ అన్న వాక్యంలో ఆ ‘అని’ లేకపోతే వాక్యమే లేదు.

ఇంకో మాట. అంది, అన్నాడు పదేపదే వస్తే బోరు కొడుతుందేమోనని కొందరు వాపోయింది, గద్దించింది, నిట్టూర్చింది, పెదవి విరిచింది అంటూ మారుస్తారు. నా లెక్కలో ‘అంది’ని పాఠకుడు పెద్దగా పట్టించుకోడు, కళ్ళు దాని మీదుగా జారిపోతాయి. ‘వాపోయింది’ దగ్గర మాత్రం ఆగిపోతాడు. పైగా పెదవి విరవడం మాట్లాడటం కాదు. నవ్వడమూ కాదు. అందుకే మన డ్రాఫ్టులో చివరి వాక్యాన్ని విడదీశాను: మాట అయిపోయింది, చుక్క పడింది, ఆ తర్వాత “సావిత్రి నవ్వింది.” నవ్వుతూనే మాట్లాడింది అనిపించాలంటే “అంటూ నవ్వింది” ఉంచుకోవచ్చు. కానీ పేజీకి నాలుగు ‘అంటూ’లు కనిపిస్తే మూడు తీసేయండి.

ఇప్పుడు ఈ సీన్లోకి మూడో మనిషిని తెద్దాం.

[తెర మీద:]

రాఘవయ్య, “మీరిద్దరూ ఇంత హైరానా పడక్కర్లేదు. పోయినసారి ఎడమ కంటికి చేయించుకున్నప్పుడు సుబ్బారావు తోడొచ్చాడు. పొద్దున వెళ్ళి సాయంత్రానికల్లా ఇంట్లో ఉన్నాం. ఈసారీ వాణ్ణే పిలుస్తాను” అన్నాడు.

[వ్యాఖ్యాత]

మూడో గొంతు రాగానే ఇద్దరి మధ్య ఉండే వంతుల లెక్క చెడుతుంది. కాబట్టి ఇక్కడ పేరు తప్పనిసరి. పేరు ఉంది కూడా. అయినా ఏదో ఇబ్బంది. కర్త ఆ చివర, క్రియ ఈ చివర. మధ్యలో నాలుగు వాక్యాలు. “రాఘవయ్య” దగ్గర మొదలైన వాక్యం “అన్నాడు” వచ్చేదాకా నెత్తిన మోసుకుపోవాలి. ఒక్క చిన్న వాక్యం ఉన్నప్పుడు ఇదే మనకి సహజమైన వరస: రాఘవయ్య, “నేనే వెళ్తాను” అన్నాడు. మాట పెరిగితేనే చిక్కు.

అప్పుడు మొదటి వాక్యం పూర్తవగానే ‘అన్నాడు’ పెట్టేయాలి.

[తెర మీద:]

“మీరిద్దరూ ఇంత హైరానా పడక్కర్లేదు” అన్నాడు రాఘవయ్య అరుగు మీంచి. “పోయినసారి ఎడమ కంటికి చేయించుకున్నప్పుడు సుబ్బారావు తోడొచ్చాడు. పొద్దున వెళ్ళి సాయంత్రానికల్లా ఇంట్లో ఉన్నాం. ఈసారీ వాణ్ణే పిలుస్తాను.”

[వ్యాఖ్యాత]

“అరుగు మీంచి” తర్వాత చుక్క పెట్టాను, గమనించండి. అక్కడ ఒక వాక్యం ముగిసింది, తర్వాతది కొత్త వాక్యం. ఒకే వాక్యాన్ని మధ్యలో విరిస్తే మాత్రం కామా రావాలి: “నాకు తోడు సుబ్బారావు వస్తాడు” అన్నాడు, “ఊళ్ళో ఉంటే.” చుక్కా కామా తేడా అంతే. విరిచిన రెండు ముక్కల్నీ కలిపి చదవండి. ఒకే వాక్యమైతే కామా, రెండయితే చుక్క.

ఇక్కడే ఇంకొకటి చూసుకోవాలి. రాఘవయ్య “అన్నాడు”నా, “అన్నారు”నా? కథ సావిత్రి వైపు నుంచి నడుస్తుంటే మామగారి గురించి “అన్నారు” అని రాయడం సహజం. బయటినుంచి చెబుతుంటే “అన్నాడు” చాలు. ఏదైనా ఒకటే ఉండాలి. రెండో పేజీలో అన్నారు, అయిదో పేజీలో అన్నాడు అయితే, వేరే ఎవరో మాట్లాడుతున్నారనుకునే ప్రమాదం ఉంది.

ఇక కామాలు, చుక్కలు.

[తెర మీద: ఒకదాని కింద ఒకటి]

“సెలవు దొరకదు.” అంది.
“సెలవు దొరకదు,” అంది.
“సెలవు దొరకదు” అంది.

[వ్యాఖ్యాత]

మొదటిది వదిలేయండి. చుక్క పడితే వాక్యం అయిపోయినట్టు. తర్వాత వచ్చే “అంది” దిక్కులేకుండా మిగిలిపోతుంది. రెండోది ఇంగ్లీషు పద్ధతి. కొందరు తెలుగులోనూ పాటిస్తారు, తప్పనలేం. మూడోది నాకు ఇష్టం. మనకి మాటా ‘అంది’ ఒకే ఊపులో వస్తాయి, మధ్యలో ఆగం. రెండో పద్ధతో మూడో పద్ధతో ఏదో ఒకటి ఎంచుకుని కథంతా అదే ఉంచండి. ప్రశ్న గుర్తు, ఆశ్చర్యార్థకం మాత్రం ఏ పద్ధతిలోనైనా కొటేషన్ లోపలే ఉంటాయి, పక్కన కామా అక్కర్లేదు: “ఎవరు వెళ్తారు?” అడిగింది.

పాత పుస్తకాల్లో “సెలవు దొరక”దంది అని, సంధి కలిసిన చోట మాటని మధ్యకి కోసి కొటేషన్ మూసేయడం కనిపిస్తుంది. ఇప్పుడు అలా రాస్తే అచ్చుతప్పు అనుకుంటారు. సంధి కావాలంటే కొటేషన్లు తీసేసి సెలవు దొరకదంది అని రాసేయండి.

పిలుపు దగ్గర కామా గురించి. “నాన్నా”, “వదినా”, “రాజూ” అన్నప్పుడు చివర దీర్ఘమే పిలుస్తున్నామని చెప్పేస్తుంది. అక్కడ కామా మర్చిపోయినా అర్థం చెడదు. చెడేది ఇలాంటి చోట:

[తెర మీద:]

“డాక్టర్ రేపు వస్తారా?”
“డాక్టర్, రేపు వస్తారా?”

[వ్యాఖ్యాత]

మొదటిదాంట్లో డాక్టరు గురించి ఇంకెవరినో అడుగుతున్నారు. రెండోదాంట్లో డాక్టరునే అడుగుతున్నారు. సార్, మేడమ్, టీచర్ కూడా అంతే. వీటికి దీర్ఘం రాదు, కాబట్టి భారమంతా కామా మీదే పడుతుంది. ఆసుపత్రి, ఆఫీసు, స్కూలు సీన్లలో ఈ కామాల్ని ఒక్కొక్కటీ వేలు పెట్టి చూసుకోండి.

చివరగా వెతుకులాట. ఫైల్లో Ctrl+F నొక్కి వరసగా ఇవి వెతకండి:

```
.”
అని అన్న
అని అంది
అంటూ
```

మొదటిది దొరికిన ప్రతిచోటా తప్పు కాదు. ఆ వెంటనే అంది, అన్నాడు, అడిగింది ఉంటేనే చుక్క తీసేయాలి. “ఈసారీ వాణ్ణే పిలుస్తాను.” తర్వాత ఏమీ లేదు కాబట్టి అక్కడ చుక్క ఉండాల్సిందే. అందుకే అన్నీ ఒకేసారి మార్చే బటన్ నొక్కకండి. ఉత్త “అంది” వెతికితే “అందించాడు”, “అందింది” కూడా పట్టుబడతాయి. వాటిని దాటేసుకుంటూ వెళ్ళాలి. “దొరకదంది” లాంటి సంధి మాటలు మాత్రం ఈ వలకి చిక్కవు, వాటిని కంటితోనే పట్టుకోవాలి.

ఫోన్లో కొంత, కంప్యూటర్లో కొంత టైప్ చేసినవాళ్ళకి ఇంకో చిక్కు. కొటేషన్లు కొన్ని నిటారుగా `"`, కొన్ని వంకరగా `“ ”` ఉంటాయి. నిటారుగా ఉంటే పైన చెప్పిన `.”` వెతుకులాటకి దొరకకపోవచ్చు. కాబట్టి ముందు వాటిని ఒకే రకానికి మార్చుకుని, ఆ తర్వాతే వెతకడం మొదలుపెట్టండి.