మధ్యలో ఆపేయగలిగితే ప్రాజెక్టు విలువెంత?

అందరికీ నమస్కారం.

ఈరోజు ఒక్క ప్రాజెక్టు గురించే మాట్లాడతాను. చిన్న యంత్రం కొని ఒక కొత్త వస్తువు తయారుచేసి అమ్మాలి. యంత్రం రెండేళ్లు పనిచేస్తుంది, ఆ తర్వాత దానికి విలువ ఏమీ ఉండదు. ఇప్పుడు పెట్టాల్సింది 100. అంకెలన్నీ లక్షల్లో అనుకోండి, కోట్లయినా లెక్క మారదు. డిస్కౌంట్ రేటు 10 శాతం, అంటే ఏడాది తర్వాత వచ్చే 110 ఈరోజు 100తో సమానం.

జనం ఈ వస్తువు కొంటారో లేదో మొదటి ఏడాది గడిస్తేగానీ తెలియదు. గిరాకీ బాగుండే అవకాశం 60 శాతం, డల్‌గా ఉండే అవకాశం 40 శాతం అని మార్కెటింగ్ వాళ్ల అంచనా. బాగుంటే మొదటి ఏడాది చివర 66 చేతికొస్తుంది, రెండో ఏడాది సగటున 88. డల్‌గా ఉంటే మొదటి ఏడాది వచ్చేది 11 మాత్రమే. అయినా రెండో ఏడాది మార్కెట్ కోలుకోవచ్చు. దానికి 30 శాతం అవకాశం ఉంది, కోలుకుంటే 77 వస్తుంది. మిగతా 70 శాతంలో మళ్లీ అదే 11.

ముందు మామూలుగా లెక్కేద్దాం, అంటే మొదలుపెడితే రెండేళ్లూ నడపాల్సిందే అనుకుని. జరగగలిగే ఒక్కోదాన్నీ ఒక్కో కొమ్మగా గీసుకుని, మొదటి ఏడాది చివర నిలబడి చూద్దాం. మంచి కొమ్మలో రాబోయే 88ని 1.1తో భాగిస్తే 80, చేతికొచ్చిన 66 కలిపితే 146. డల్ కొమ్మలో 77లో 30 శాతం, 11లో 70 శాతం కలిపితే 30.8. దాన్ని 1.1తో భాగిస్తే 28. చేతిలో ఉన్న 11 కలిపితే 39. ఈ 146నీ 39నీ 60, 40 పాళ్లలో కలిపితే 103.2, ఈరోజు విలువకు తెస్తే 93.8. పెట్టుబడి 100 తీసేస్తే నికర ప్రస్తుత విలువ మైనస్ 6.2. ఫైలు మూసేయడమే.

కానీ ఇక్కడో మాట మరిచిపోయాం. గిరాకీ డల్‌గా ఉందని తేలాక కూడా యంత్రాన్ని నడుపుతూనే ఉండమని మనల్ని ఎవరూ కట్టేయలేదు. మొదటి ఏడాది చివర యంత్రాన్ని అమ్మేస్తే 50 వస్తుందనుకుందాం. అప్పుడు ఈ కొమ్మల బొమ్మలో, అంటే డెసిషన్ ట్రీలో, ఆ చోట ఒక చతురస్రం గీయాలి. గుండ్రటి గుర్తు దగ్గర ఏం జరగాలో మార్కెట్ తేలుస్తుంది, చతురస్రం దగ్గర మనం తేలుస్తాం. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. చతురస్రం నుంచి బయల్దేరే కొమ్మల మీద కూడా ‘ఆపే అవకాశం 50 శాతం’ అని రాసేస్తారు. మన నిర్ణయానికి సంభావ్యత ఏమిటి? రెండు కొమ్మల్లో ఏది ఎక్కువ ఇస్తుందో చూసి దాన్ని ఉంచుకుని, రెండోదాన్ని కొట్టేయడమే అక్కడి పని.

కాబట్టి ట్రీని చివరినుంచి వెనక్కి లెక్కించుకుంటూ వస్తాం. మంచి కొమ్మలో నడిపితే 80, అమ్మితే 50. నడపాలి. డల్ కొమ్మలో నడిపితే 28, అమ్మితే 50. అమ్మాలి. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే మీటింగుల్లో గొడవ జరిగేది ఈ చతురస్రం దగ్గరే. ఎవరో ఒకరు లేచి, ‘వచ్చే ఏడాది కోలుకుంటే 77 వస్తుంది కదా, దాని విలువ ఇప్పటికి 70, 50కి ఎందుకు వదులుకోవాలి?’ అంటారు. అడిగిన దాంట్లో తప్పు లేదు. కానీ ఆ 70 వచ్చేది పదిసార్లలో మూడుసార్లే. మిగతా ఏడుసార్లూ మిగిలేది 10. ఈ రెండూ కలిసే 28 అయ్యాయి.

ఇప్పుడు డల్ కొమ్మ విలువ 11కి 50 కలిపి 61. మళ్లీ 146నీ 61నీ 60, 40 పాళ్లలో కలిపితే 112, ఈరోజుకు 101.8. నికర విలువ ప్లస్ 1.8. యంత్రం, మార్కెట్, ధర ఏవీ మారలేదు. ఆపేసే హక్కును లెక్కలోకి తెచ్చామంతే. దాని విలువ సరిగ్గా 8: డల్ కొమ్మలో 28 బదులు 50 వచ్చింది, తేడా 22, దానికి 40 శాతం అవకాశం, ఒక ఏడాది డిస్కౌంట్.

గిరాకీ బాగుండే అవకాశం 60 కాదు, 55 శాతమే అనుకోండి. ప్రాజెక్టు విలువ మైనస్ 2కి పడిపోతుంది. ఆపేసే హక్కు విలువ మాత్రం 8 నుంచి 9కి పెరుగుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకూ వింతగానే అనిపించింది. ఈ హక్కు పనికొచ్చేది డల్ కొమ్మలోనే కాబట్టి, ఆ కొమ్మ బరువు పెరిగేకొద్దీ దాని విలువా పెరుగుతుంది. అలాగని పెరిగిన ఆ 1 ప్రాజెక్టును నిలబెట్టదు. ఆపే వీలు లేకపోతే మంచి గిరాకీకి కనీసం 66.4 శాతం అవకాశం ఉండాలి. ఆపే వీలుంటే 58 శాతం చాలు. మార్కెటింగ్ వాళ్ల అంచనా ఈ రెంటి మధ్యలో పడిందంటే, నిర్ణయమంతా ఆ చతురస్రం మీదే ఆధారపడి ఉందన్నమాట.

నాకు అనుమానం ఎక్కువ ఉండేది సంభావ్యతల మీద కాదు, ఆ 50 మీద. అది ఎక్కడినుంచి వచ్చింది? సాధారణంగా సెకండ్ హ్యాండ్ యంత్రాల డీలర్‌ను ఈరోజు ధర అడిగి రాసుకుంటారు. కానీ మనం అమ్మేది ఈరోజు కాదు, గిరాకీ పడిపోయిన రోజున. మన వస్తువు ఒక్కటే జనానికి నచ్చలేదంటే ఆ యంత్రంతో వేరేవాళ్లు వేరే సరుకు చేసుకుంటారు, 50 రావచ్చు. మొత్తం రంగమే డల్ అయిందంటే అందరూ ఒకేసారి యంత్రాలు అమ్మకానికి పెడతారు. అప్పుడు కొనేవాడేడీ? అందుకే డల్ కొమ్మలో రాయాల్సింది డల్ రోజుల ధర. అందులోంచి యంత్రం విప్పి తరలించే ఖర్చు, పనివాళ్లకు ఇవ్వాల్సిన పరిహారం, మిగిలిన అద్దె ఒప్పందం కూడా తీసేయాలి. మన లెక్కలో ఆ అంకె 45కి దిగితే నికర విలువ సున్నా. 28 కంటే కిందికి పోతే ఆపే హక్కుకే విలువ లేదు. 28, 45 మధ్య సంగతి గమనించండి. ఆ రోజు వస్తే ఆపడమే సరైన పని, కానీ అసలు మొదలుపెట్టి ఉండకూడదు.

ఇంకో చిక్కు మనుషులతో. నేను కూర్చున్న ఒక కమిటీలో ఇలాంటి లెక్కతోనే ప్రాజెక్టును ఆమోదించారు. అమ్మకాలు డల్‌గా వచ్చాయి. ‘ఇంకో మూడు నెలలు చూద్దాం’ అన్నారు. తర్వాత ‘ఇంత ఖర్చు పెట్టాక ఎలా ఆపుతాం’ అన్నారు. పెట్టిన 100 ఆ చతురస్రం దగ్గర ఏ కొమ్మలోనూ కనిపించదు, పోలిక 28కీ 50కీ మధ్యే. చివరికి యంత్రం నడుస్తూనే ఉంది. అంటే ఆమోదం తీసుకున్నది ప్లస్ ప్రాజెక్టుకు, నడిపింది మైనస్ ప్రాజెక్టును. అప్పటినుంచి నేను, ఏ నెలలో ఎన్ని యూనిట్ల కంటే తక్కువ అమ్ముడైతే ‘డల్’ అని పిలుస్తామో, ఆ రోజు సంతకం ఎవరిదో ఆమోదపత్రంలోనే రాయమని అడుగుతున్నాను.

రెండేళ్లకే ముగిసే ప్రాజెక్టు కాబట్టి ఈ లెక్క తేలికైంది. 1967లో ఫైనాన్స్ పరిశోధకులు రోబిచెక్, వాన్ హోర్న్ ఈ ఆపే విలువను పెట్టుబడి లెక్కల్లోకి తెచ్చినప్పుడు, అమ్మకం ధర నడిపే విలువను దాటగానే ఆపేయమన్నారు. రెండేళ్లకు డిల్, లాంగ్ ఒక అభ్యంతరం లేవదీశారు: ఈ ఏడాది ఆపడం లాభమే అయినా, ఇంకో ఏడాది నడిపి అప్పుడు అమ్మితే ఇంకా లాభం రావచ్చు కదా అని. ఐదేళ్ల ట్రీ గీసేటప్పుడు ప్రతి ఏడాది చివరా ఒక చతురస్రం పెట్టి, చివరి ఏడాది నుంచి మొదలుపెట్టేది ఇందుకే. అప్పుడు ‘నడిపితే’ అనే కొమ్మ విలువలో, తర్వాతెప్పుడో ఆపే హక్కు కూడా కలిసి వస్తుంది.