ఇద్దరు మునిరత్నాలు

అందరికీ నమస్కారం. రాగి సంగటి చల్లారితే బాగుండదు కాబట్టి తొందరగా ముగిస్తాను. షీల్డులు ఇచ్చే ముందు మన ఆసుపత్రి రికార్డుల కోసం పెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ పనిలో ఎవరెవరు ఏం చేశారో నన్ను చెప్పమన్నారు. జాబితా చదివితే మీకూ నిద్రొస్తుంది, నాకూ వస్తుంది. అందుకని సిస్టమ్ మొదలుపెట్టిన రెండో వారంలో జరిగిన ఒక్క సంగతి చెబుతాను. మీలో చాలామంది అందులో ఉన్నారు.

మన పాత రికార్డుల్లో ఒకే మనిషికి రెండు మూడు ఓపీ నంబర్లు ఉండేవి. చీటీ ఇంట్లో మరిచిపోయి వస్తే కౌంటర్లో కొత్త నంబర్ ఇచ్చేసేవాళ్లం మరి. వాటిని కలపడానికి ఒక నియమం పెట్టుకున్నాం. పేరు పలకడానికి ఒకేలా ఉండి, ఊరు, ఫోన్ నంబర్ సరిపోయి, వయసు తేడా ఐదేళ్ల లోపు ఉంటే ఇద్దరూ ఒక్కరే అని సిస్టమ్ తనంతట తానే కలిపేస్తుంది. స్పెల్లింగ్ కాకుండా పలుకు చూడాలన్న ఆలోచన సరైనదే. తిరుపతిలో ఒకరు `Muniratnam` అని రాస్తే ఇంకొకరు `Munirathnam` అంటారు, తిరుత్తణి వైపు నుంచి వచ్చినవాళ్లు `Munirathinam` అంటారు. మనకు పేరు ముందుండే అక్షరం ఇంటిపేరుది, తమిళనాడు వాళ్లకు నాన్న పేరుది. అందుకని ఇనీషియల్‌ను లెక్కలోంచి తీసేశాం. ఆ కాగితం మీద సంతకం పెట్టింది నేనే.

ఆపరేషన్‌కు వచ్చిన ఒకాయన రక్తం శాంపిల్ ల్యాబ్‌కు వెళ్లింది. అసలు పేరు వద్దు, మునిరత్నం అనుకుందాం. గ్రూపు ఓ పాజిటివ్ వచ్చింది. స్క్రీన్ మీద పాత రిపోర్ట్ బి పాజిటివ్ అంటోంది. మన ల్యాబ్ తమ్ముడు ‘పాతది తప్పయ్యుంటుందిలే’ అని రిపోర్ట్ పంపేయలేదు. మనిషి రక్తం గ్రూపు మారదు కాబట్టి శాంపిల్ అయినా మారి ఉండాలి, రికార్డయినా మారి ఉండాలి. మళ్లీ రక్తం తీసి పంపమన్నాడు.

ఈసారి రక్తం తీసింది వార్డు సిస్టర్. ‘మీరు మునిరత్నమేనా?’ అని ఆమె అడగలేదు. అలా అడిగితే నొప్పితో ఉన్నవాళ్లు, చెవుడు ఉన్నవాళ్లు దేనికైనా ఊ అంటారు. ‘మీ పేరు చెప్పండి, మీ నాయన పేరు చెప్పండి’ అని అడిగింది, ట్యూబు మీద లేబుల్ మంచం పక్కనే అంటించింది. మళ్లీ ఓ పాజిటివే వచ్చింది. ఇక అనుమానం రికార్డు మీదికి మళ్లింది.

అప్పుడు రికార్డు రూమ్ పెద్దాయన దుమ్ములోంచి రెండు కేస్ షీట్లు తీశారు. కంప్యూటర్ మీద ఆయనకు పెద్ద నమ్మకం లేదని మీ అందరికీ తెలుసు, ఆ రోజు అది మంచికే వచ్చింది. ఊరు ఒకటే, ఫోన్ ఒకటే, వయసులు 52, 55. తండ్రుల పేర్లు మాత్రం వేరు. మనుషులే ఇద్దరు.

మరి ఫోన్ ఒకటే ఎందుకుంది? కౌంటర్ అక్క చూడగానే చెప్పేసింది: ‘సార్, ఇది ఆ ఊరి ఆర్‌ఎంపీ నంబర్. ఆయన ఎవరిని తీసుకొచ్చినా తన నంబరే ఇస్తాడు.’ మేం మూడు నెలలు మీటింగులు పెట్టుకున్నాం, ఒక్కసారైనా ఆమెను పిలవలేదు. ఆ తప్పు నాది.

కలిపిన రికార్డుల్ని విడదీయగలిగామంటే మన ప్రోగ్రామర్ అమ్మాయి వల్ల. పాత నంబర్‌ను చెరిపేస్తే పని తేలిక అని నేనే అన్నాను, ఆమె ఒప్పుకోలేదు. రెండు నంబర్లనూ ఉంచి మధ్యలో లింకు మాత్రం పెట్టింది. లింకు తీసేయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. కాకపోతే కలిపిన తర్వాత రాసిన ప్రిస్క్రిప్షన్లు ఎవరివో సిస్టమ్‌కు తెలియదు. ఫార్మసీ అన్న బిల్లులు ముందేసుకుని, డ్యూటీ డాక్టర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కటీ చూసి ఎవరివి వాళ్లకు చేర్చాడు. రాత్రి తొమ్మిదయింది. కరెంటు రెండుసార్లు పోయినా స్క్రీన్లు ఆరలేదు, అది మన ఎలక్ట్రీషియన్ చలవ.

అప్పటి నుంచి సిస్టమ్ దేన్నీ తనంతట కలపదు. ‘వీళ్లు ఒకరే కావచ్చు’ అని చూపిస్తుంది, అంతే. తండ్రి పేరో భర్త పేరో చూసి, ఆధార్ చూసి రికార్డు రూమ్ వాళ్లే తేలుస్తారు. పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోరు. తేదీ తెలియని పెద్దవాళ్లకు చాలాసార్లు అలాగే వేసి ఉంటుంది. పని నెమ్మదిగానే సాగుతోంది. కలపాల్సినవి ఇంకా ఉన్నాయి. రెండు నంబర్లు మిగిలిపోతే ఒక పరీక్ష మళ్లీ చేయాల్సి వస్తుంది, ఇద్దర్ని ఒకరిగా కలిపితే రక్తమే తప్పెక్కొచ్చు. అందుకే ఆ ఆలస్యానికి నేను ఒప్పుకున్నాను.

ఇక షీల్డులు. ఒక్కొక్కరే రండి. మొదట కౌంటర్ అక్క రావాలి. తీసుకున్నాక పేరు స్పెల్లింగ్ ఒకసారి చూసుకోండి, చెక్కినతను ఒకరి పేరు మీద రెండు షీల్డులు చేశాడు. ఆ ఇద్దరూ ఒకరేనో కాదో పెద్దాయన తేలుస్తారు.