డెంగ్యూ తగ్గాక ఫ్యాక్టరీకి: డాక్టర్ సర్టిఫికెట్‌లో ఏముండాలి, ఏమక్కర్లేదు

శ్రోతలకు నమస్కారం.

జ్వరం వచ్చిన రోజే డాక్టర్ దగ్గరికి వెళ్తే చాలామందికి దొరికేది మూడు రోజుల విశ్రాంతి చీటీ. మామూలు జ్వరానికి అది సరిపోవచ్చు. డెంగ్యూ విషయంలో మాత్రం ఆ మూడు రోజుల చీటీయే ప్రమాదం తెచ్చిపెడుతుంది. డెంగ్యూలో జ్వరం సాధారణంగా 2 నుంచి 7 రోజులు ఉంటుంది. అసలు గడ్డుకాలం మొదలయ్యేది జ్వరం దిగేటప్పుడు. ఒళ్లు చల్లబడ్డాక ఒకటి రెండు రోజుల పాటు రక్తనాళాల్లోంచి నీరు బయటకు కారడం, బీపీ పడిపోవడం, రక్తస్రావం వంటివి జరిగే అవకాశం ఎక్కువ. అంటే చీటీ గడువు తీరి, జ్వరం తగ్గింది కదా అని మనిషి షిఫ్టుకు బయలుదేరే వేళకే ఆ గడ్డుకాలం ఎదురవుతుంది. అందుకే డెంగ్యూ అని అనుమానం ఉన్నప్పుడు డాక్టర్ మొదటి చీటీలోనే మళ్లీ చూపించుకోవాల్సిన తేదీ రాయాలి. ఆ తేదీన చూశాక విశ్రాంతిని పొడిగించాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో ప్రెస్ మెషీన్ మీద పనిచేసే 32 ఏళ్ల కార్మికుడు అనుకోండి. సెప్టెంబరు 3న జ్వరం మొదలైంది. ఆ రోజు నుంచే డ్యూటీకి వెళ్లలేదు. 5న డాక్టర్‌కు చూపించుకున్నాడు, రక్తపరీక్షలో డెంగ్యూ అని తేలింది. 7న ఆసుపత్రిలో చేరి, 10న ఇంటికొచ్చాడు. ఇంకా మెట్లెక్కితే ఆయాసం, నిలబడితే కళ్లు తిరగడం ఉన్నాయి.

ఈయనకు సర్టిఫికెట్ ఏ తేదీ నుంచి ఇవ్వాలి? డాక్టర్ స్వయంగా చూసింది 5వ తేదీన. కాబట్టి విశ్రాంతి 5 నుంచే మొదలవుతుంది. 3, 4 తేదీల గైర్హాజరీ కూడా కలిసొచ్చేలా వెనకటి తేదీ వేయమని డాక్టర్‌ని అడగడం తప్పు, వేయడం ఇంకా పెద్ద తప్పు. వైద్యుల ప్రవర్తనకు సంబంధించిన 2002 నియమావళి ప్రకారం అబద్ధపు సర్టిఫికెట్ మీద సంతకం చేయడం దుష్ప్రవర్తన కిందికి వస్తుంది. అయితే నిజాన్ని నిజంగా రాయడానికి అడ్డేమీ లేదు. ‘3వ తేదీ నుంచి జ్వరం ఉన్నట్టు రోగి చెప్పారు, నేను 5న పరీక్షించాను’ అని ఒక్క వాక్యం రాస్తే చాలు. ఆ రెండు రోజులను ఏ సెలవు కింద రాసుకోవాలో కంపెనీ చూసుకుంటుంది.

ఇక గడువు. ‘రెండు వారాలు విశ్రాంతి అవసరం’ అని రాస్తే టైమ్ ఆఫీసులో గొడవ తప్పదు. ఎప్పటి నుంచి రెండు వారాలు? చివరి రోజు సెలవా, డ్యూటీయా? మన ఉదాహరణలో రాయాల్సింది ఇలా: ‘సెప్టెంబరు 5 నుంచి 18 వరకు, రెండు తేదీలూ కలుపుకొని, 14 రోజులు.’ రోజుల సంఖ్య, మొదటి తేదీ, చివరి తేదీ, ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. 18 కూడా విశ్రాంతి రోజే అని అప్పుడు ఎవరికైనా అర్థమవుతుంది. 18 నాటికి ఓపిక రాకపోతే ఆ గడువు తీరకముందే మళ్లీ డాక్టర్‌ని కలవాలి. 21న వెళ్లి 19 నుంచి పొడిగింపు కావాలంటే, మధ్యలో చూడని రోజులకు డాక్టర్ జవాబు చెప్పలేరు.

ఇప్పుడు జబ్బు పేరు సంగతి. ఫ్యాక్టరీకి ఈ కాగితం దేనికి? మనిషి ఎన్ని రోజులు రాలేడు, ఎప్పటి నుంచి రాగలడు, వచ్చాక ఏ పని చేయకూడదు, ఇంతే. ఆ మూడింటికీ ప్లేట్‌లెట్ల సంఖ్యతో పనిలేదు. పైగా ఆ సంఖ్య రాస్తే చదివేవాళ్లు తమకు తోచిన అర్థం తీసుకుంటారు. ‘1 లక్ష 20 వేలు’ అని చూసి, మామూలుగా లక్షన్నర ఉండాలి కదా, జబ్బు ఇంకా తగ్గలేదన్నమాట అని గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు. ఆ సంఖ్య రోజురోజుకీ పెరుగుతోందా, మనిషి ఎలా ఉన్నాడు అనేది చూసి తేల్చాల్సింది డాక్టర్.

కొన్నిచోట్ల ‘డెంగ్యూ నెగెటివ్ రిపోర్టు తెస్తేనే లోపలికి’ అంటారు. దీనికి అర్థం లేదు. డెంగ్యూ ఒక మనిషి పక్కన నిలబడితే ఇంకొకరికి అంటుకునేది కాదు, దోమ కుడితేనే వస్తుంది. రక్తంలో ఐజీఎం అనే పరీక్ష జబ్బు నయమయ్యాక కూడా రెండు మూడు నెలలు పాజిటివ్ చూపించవచ్చు. ఆ రిపోర్టు కోసం ఎదురుచూస్తే ఆరోగ్యంగా ఉన్న మనిషి జీతం లేకుండా ఇంట్లో కూర్చోవాలి.

డెంగ్యూ పేరు బయటపడితే నామోషీ ఏముంది అని మీరు అడగవచ్చు. ఆ పేరు ఒక్కటే అయితే పెద్ద నష్టం లేదు. చిక్కంతా డిశ్చార్జి కాగితంతో వస్తుంది. ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు షుగరు, బీపీ వివరాలు రాసుకుంటారు, మద్యం అలవాటు ఉందా అని అడుగుతారు. హెపటైటిస్, హెచ్ఐవీ పరీక్షలు కూడా చేసి ఉండవచ్చు. అవన్నీ ఆ ఫైలులోనే ఉంటాయి. సెలవు చీటీకి ఆ ఫైలు జిరాక్సు జతచేస్తే అది టైమ్ ఆఫీసు క్లర్కు నుంచి సూపర్‌వైజర్ దాకా నాలుగు చేతులు మారుతుంది. కాబట్టి డిశ్చార్జి కాగితాలు, ల్యాబ్ రిపోర్టులు మీ దగ్గరే ఉంచుకోండి. బీమా క్లెయిముకు జబ్బు పేరు, రిపోర్టులు కావాల్సిందే, వాటిని నేరుగా బీమా వాళ్లకే ఇవ్వండి. ఫ్యాక్టరీలో డాక్టర్ ఉండి ఆయన వివరాలు అడిగితే, మీ అంగీకారంతో మీ డాక్టర్ ఆయనకు కవరులో పంపవచ్చు.

సర్టిఫికెట్ నమూనాలో జబ్బు గురించి రాయడానికి ఖాళీ ఉంటుంది. 2002 నియమావళిలో ఇచ్చిన నమూనాలోనూ ఉంది. దాన్ని వదిలేయనక్కర్లేదు, అబద్ధం రాయకూడదు. ‘తీవ్ర జ్వరం, ఆ తర్వాతి నీరసం’ అంటే జబ్బు స్వభావం తెలుస్తుంది, అది నిజం కూడా. కడుపునొప్పి అనో నడుమునొప్పి అనో మార్చి రాయించుకుంటే రేపు బీమా కాగితాలతో అది పొసగదు.

పనికి తగిన ఆరోగ్యం ఉందని చెప్పే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ వేరే కాగితం. విశ్రాంతి చీటీతో పాటే, 10వ తేదీన డిశ్చార్జి రోజే, ‘19 నుంచి ఫిట్’ అని ముందుగా రాయించుకుంటే ఆ మాటకు విలువ లేదు. 19న మనిషి ఎలా ఉంటాడో 10న ఎవరు చెప్పగలరు? 18న మళ్లీ వెళ్లాలి. ఆ రోజు డాక్టర్ చూసేవి ఇవి: పారాసిటమాల్ వేసుకోకుండానే కనీసం రెండు రోజులుగా జ్వరం లేదా, తిండి సరిగా తింటున్నాడా, కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం వంటివి పోయాయా, పడుకున్నప్పుడూ లేచి నిలబడ్డాకా బీపీ ఎలా ఉంది, ప్లేట్‌లెట్లు పెరుగుతున్నాయా. ప్రెస్ మెషీన్ మీద పనికి ఈ పరీక్షలో నిలబడ్డాక కళ్లు తిరగకపోవడమే ముఖ్యం. డై కింద చెయ్యి పెట్టి తీసే మనిషికి ఒక్క క్షణం తూలితే వేళ్లు పోతాయి.

నీరసం మాత్రం కొందరికి వారాల తరబడి ఉంటుంది. అది పూర్తిగా పోయేదాకా ఇంట్లో కూర్చోబెట్టడం కుదరదు. అందుకే తిరిగి చేరిన మొదటి వారానికి పని పరిమితి రాస్తారు. ఇక్కడ ఉత్తినే ‘లైట్ డ్యూటీ’ అని రాసి వదిలేస్తే ప్రయోజనం ఉండదు. ఒక సూపర్‌వైజర్‌కు లైట్ డ్యూటీ అంటే ఊడ్చే పని, ఇంకొకరికి డబ్బాలు మోసే పని. మనవాడికి రాయాల్సింది ఇలా ఉంటుంది: ‘సెప్టెంబరు 18న పరీక్షించాను. 19 నుంచి పనికి తగిన ఆరోగ్యంతో ఉన్నారు. 19 నుంచి 25 వరకు, రెండు తేదీలూ కలుపుకొని, రాత్రి షిఫ్టు, ఓవర్‌టైమ్, 10 కిలోలకు మించిన బరువులు, కొలిమి దగ్గర పని, ఎత్తు మీద పని వద్దు. మధ్యమధ్య నీళ్లు తాగడానికి వీలివ్వాలి. 26 నుంచి మామూలు పని.’ ఏ జబ్బో చెప్పకుండానే సూపర్‌వైజర్‌కు కావాల్సిందంతా ఇందులో ఉంది. కంపెనీలో అలాంటి పని లేదంటే, ఆ మాట డాక్టర్‌కు చెప్పి విశ్రాంతిని పొడిగించుకోవాలి తప్ప, పరిమితి లేని ఫిట్‌నెస్ రాయించుకుని మెషీన్ ఎక్కకూడదు. ఒళ్లునొప్పులకు మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు కొని వేసుకుని షిఫ్టు లాగించడమూ వద్దు, వాటితో రక్తస్రావం జరిగే ముప్పు ఉంది.

కాగితం చేతికి రాగానే అక్కడే ఒకసారి సరిచూసుకోండి. పేరు ఫ్యాక్టరీ గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఉండాలి. మీ సంతకం లేదా వేలిముద్ర, ఒక పుట్టుమచ్చ గుర్తు, డాక్టర్ సంతకం, తేదీ, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు కనిపించాలి. స్టాంపు అలికినట్టు పడి నంబరు చదవడానికి రాకపోతే పెన్నుతో రాయమనండి. వైట్‌నర్ పూసిన కాగితం తీసుకోవద్దు. ఇంగ్లీషులో ఉంటే చదివి చెప్పమని అడగండి. ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చిన చీటీ ఎంత మంచి మనసుతో ఇచ్చినా చెల్లదు. డాక్టర్లు తాము ఇచ్చే సర్టిఫికెట్ల వివరాలను రిజిస్టరులో రాసి, నకలు ఉంచుకోవాలన్నది నియమం. కాబట్టి కంపెనీకి అనుమానం వస్తే అక్కడ సరిచూసుకోవచ్చు.

ఈఎస్ఐ ఉన్నవాళ్లకు ఇంకో పని ఉంది. ప్రైవేటు డాక్టర్ చీటీతో కంపెనీ సెలవు ఇవ్వవచ్చు గానీ, జబ్బు కాలపు భత్యానికి ఈఎస్ఐ డిస్పెన్సరీ సర్టిఫికెట్ కావాలి. బయట ఆసుపత్రిలో చేరితే ఆలస్యం చేయకుండా కాగితాలతో ఇంట్లోవాళ్లనైనా డిస్పెన్సరీకి పంపండి. ఈ భత్యం సగటు రోజు కూలిలో 70 శాతం. దానికి సంబంధించిన ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలి. మొదటి రెండు రోజులకు డబ్బు రాదు. మన కార్మికుడి రోజు కూలి 500 రూపాయలనుకుంటే, 14 రోజుల్లో రెండు పోగా 12 రోజులకు, రోజుకు 350 చొప్పున 4,200 రూపాయలు వస్తాయి. డ్యూటీలో చేరిన 15 రోజుల లోపే మళ్లీ జబ్బుపడి సర్టిఫికెట్ తీసుకోవాల్సి వస్తే ఆ రెండు రోజుల కోత రెండోసారి ఉండదు. అందుకని చేరిపోయాం కదా అని పాత చీటీ నకలు పారేయకుండా కనీసం కొన్ని నెలలు దాచి ఉంచండి.