కోఠి రొదలో పూలమ్మే అమ్మ మాట

శ్రోతలకు నమస్కారం.

కోఠిలో సుల్తాన్ బజార్ దగ్గర పూలబండి పెట్టుకున్న ఒక అమ్మతో ఆ మధ్య ఏడు నిమిషాలు మాట్లాడి రికార్డు చేసుకొచ్చాను. సాయంత్రం ఆరు గంటల వేళ. ఒక పక్క బస్సులు, ఆటోల హారన్లు. ఇంకో పక్క బేరాలాడే జనం. పది అడుగుల దూరంలో "వందకు మూడు, వందకు మూడు" అని అరుస్తున్న కుర్రాడు. అక్కడ నిలబడి ఉన్నప్పుడు ఆమె మాట నాకు చక్కగా వినిపించింది. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే సగం మాటలు రొదలో మునిగిపోయి ఉన్నాయి. ఎదుటి మనిషి పెదాలు చూస్తూ మన చెవి తనకు కావలసిన గొంతును ఏరుకుంటుంది. మైకు అన్నిటినీ కలిపి పట్టేస్తుంది.

ఆ ఏరే పనిని ఇప్పుడు వాయిస్ ఐసోలేషన్ అనే సదుపాయం చేస్తోంది. ఫ్యాను చప్పుడు లాంటి, ఒకే తీరుగా సాగే రొదను తీసేయడం ముందునుంచీ ఉంది. రొద ఒక్కటే ఉన్న ముక్కను చూపిస్తే, సాఫ్ట్‌వేర్ దాన్ని మొత్తంలోంచి తీసేసేది. వీధి రొద క్షణానికొక రకంగా మారుతుంది కాబట్టి ఆ పద్ధతి ఇక్కడ పారదు. కొత్త పద్ధతిలో సాఫ్ట్‌వేర్‌కు మనుషుల మాటలు, రకరకాల రొదలు బోలెడన్ని వినిపించి, ఏది గొంతో గుర్తుపట్టడం ముందే నేర్పుతారు. నేను వాడింది డావిన్సీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డబ్బు కట్టే వెర్షన్‌లో ఉన్నది. ఈ సదుపాయం అందులోకి 2022లో వచ్చింది. క్లిప్పు ఎంచుకుని, ఆడియో విభాగంలో వాయిస్ ఐసోలేషన్ ఆన్ చేస్తే అమౌంట్ అని సున్నా నుంచి వంద దాకా జరిపే మీట ఉంటుంది.

మొదట వందలో పెట్టి విన్నాను. బస్సులు మాయమయ్యాయి. హారన్లు దాదాపు పోయాయి. ఆ కుర్రాడి "వందకు మూడు" మాత్రం అక్కడక్కడా అలాగే మిగిలింది. అతనిదీ మనిషి గొంతే, పైగా దగ్గర్నుంచి గట్టిగా వస్తోంది. సాఫ్ట్‌వేర్‌కు తెలిసింది మాటకూ రొదకూ ఉన్న తేడా. నేను ఎవరి ఇంటర్వ్యూ తీసుకుంటున్నానో దానికి తెలియదు. అందుకే వీధిలో ట్రాఫిక్ కంటే పక్కవాళ్ల మాటలతోనే ఎక్కువ చిక్కు.

అసలు నష్టం నాలుగో నిమిషంలో కనిపించింది. అప్పటిదాకా గలగలా మాట్లాడిన అమ్మ, భర్త పోయిన సంగతి చెబుతూ గొంతు బాగా తగ్గించింది. "ఆ తర్వాత ఈ బండే మాకు అన్నం పెట్టిందయ్యా" అంది. నాకు వినిపించింది "ఈ బండే మాకు అన్నం పెట్టిం" వరకే. చివరి "దయ్యా" రొద కింద లెక్కకొచ్చి కొట్టుకుపోయింది. తెలుగులో మాట చివరి అచ్చు మెత్తగా జారుతుంది, బాధలో ఇంకా మెత్తబడుతుంది. సాఫ్ట్‌వేర్ ముందుగా మింగేది దాన్నే. మిగిలిన గొంతు కూడా నీళ్లలోంచి వచ్చినట్టు వినిపించింది, మాటకూ మాటకూ మధ్య ఒక్కసారిగా శూన్యం. మోతాదు మించిందని చెప్పే గుర్తులు ఇవే.

అప్పుడు క్లిప్పును ముక్కలు చేశాను. ఆమె గట్టిగా మాట్లాడిన చోట్ల డెబ్బై, గొంతు తగ్గించిన ఆ వాక్యానికి నలభై. నలభైలో వెనక ఒక బస్సు వినిపిస్తుంది. వినిపించనీ, "పెట్టిందయ్యా" పూర్తిగా దక్కింది. కుర్రాడి కేక ఆమె మాటల మధ్య ఖాళీల్లో పడినచోట కత్తిరించేశాను. ఆమె మాటమీదే పడిన రెండు చోట్ల వదిలేశాను. ఆ రెండిటినీ విడదీయబోతే ఆమె గొంతే చిరుగుతోంది. గొంతులోని హెచ్చుతగ్గులను సమం చేసే కంప్రెసర్ లాంటివి ఏవైనా దీని తర్వాతే. ముందే పెడితే అది మెత్తటి శబ్దాలతో పాటు రొదనూ పైకి లేపుతుంది.

ఇంత చేసినా బాగుపడని చోటు ఒకటుంది. ఒక హారన్ సరిగ్గా మైకు పక్కనే మోగి, రికార్డింగ్ లెవెల్ హద్దు దాటి పగిలింది. ఆ క్షణంలో గొంతు ఆకారమే చెదిరిపోయింది, ఇక ఏరుకోవడానికి ఏమీ లేదు. ఆ మాట వదులుకున్నాను.

నా పొరపాటు రికార్డింగ్‌లోనే ఉంది. మైకును ఆమె నోటికి రెండు అడుగుల దూరంలో పట్టుకున్నాను. దూరం సగమైన ప్రతిసారీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. అర అడుగుకు తెచ్చి ఉంటే 12 పెరిగేది, వీధి రొద మాత్రం ఉన్నంతే ఉండేది. ఒక వైపు నుంచే బాగా పట్టే మైకైతే, దాని వీపు రోడ్డు వైపు ఉండేలా నేను నిలబడాల్సింది.

ఒక్కటి మాత్రం సరిగ్గా చేశాను. మాటలయ్యాక ఒక నిమిషం ఎవరం మాట్లాడకుండా వీధి శబ్దాన్ని విడిగా పట్టుకొచ్చాను. శుభ్రం చేసిన గొంతు కింద దాన్ని సన్నగా, ఆమె మాటకంటే 20 డెసిబెల్స్ తక్కువలో పరిచాను. ముక్కకూ ముక్కకూ మధ్య ఉన్న అతుకులు దాని కింద కప్పబడ్డాయి. ఆమె మళ్లీ కోఠిలో, తన బండి దగ్గరే కూర్చుని మాట్లాడుతున్నట్టు వినిపించింది.