"చూసి చెప్తాం" అన్నాక నాలుగో రోజు పెట్టే మెసేజ్

"అన్నా, మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు వాళ్లతో మంగళవారం కాల్‌లో మాట్లాడిన. వెబ్‌సైట్‌కు 60 వేలు చెప్పిన. చూసి చెప్తాం అన్నరు. నాలుగు రోజులైంది, సప్పుడు లేదు. ఏమని మెసేజ్ పెట్టాలె? పైసల సంగతి అడిగితే పని పోతదేమోనని టెన్షన్."

తమ్ముడూ, వడ్లు దిగే సీజన్‌లో మిల్లు ఓనర్ నాలుగు రోజులు పలకలేదంటే వద్దన్నట్టు కాదు. గేటు ముందు లారీలు ఆగి ఉంటే నీ ప్రపోజల్ ఎవరికి గుర్తుంటుంది? అట్లని "సార్, ఏమైంది?" అని మాత్రం పెట్టకు. దానికి "చూస్తున్నం" అనే జవాబే వస్తుంది. ఇట్లా పెట్టు:

"నమస్తే సార్. మంగళవారం మాట్లాడుకున్న వెబ్‌సైట్ గురించి. 8 పేజీలు, మొత్తం 60 వేలు. అడ్వాన్స్ 24 వేలు, హోమ్ పేజీ డిజైన్ మీరు ఓకే చేసినప్పుడు 24 వేలు. మిగతా 12 వేలు సైట్ లైవ్ అయిన రోజు గానీ, పూర్తి సైట్ డెమో లింక్ పంపిన 15 రోజులకు గానీ, ఏది ముందైతే అప్పుడు. మీ పని కోసం వచ్చే నెల మొదటి మూడు వారాలు ఖాళీ పెట్టుకున్నాను. బుధవారం సాయంత్రం లోపు ఓకే అంటే అగ్రిమెంట్ పంపుతాను. వాయిదాల్లో ఏదైనా మార్చాలంటే చెప్పండి సార్."

ఇందులో అసలు ప్రాణం ఆ "15 రోజులకు గానీ" అన్న ముక్కలో ఉంది. నేను మహబూబ్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్ సైట్ చేసినప్పుడు "లైవ్ అయినంక మిగతాది" అని రాసుకున్నా. సైట్ తయారైంది. ఫోటోలు వాళ్లు ఇయ్యాలె. ఇయ్యాల రేపు అని నెలలు గడిచాయి. సైట్ లైవ్ కాలేదు, నా పైసలూ రాలేదు. వాళ్ల మోసమేమీ లేదు, రాత నాదే. చివరి వాయిదా ఎదుటివాళ్ల చేతిలో ఉన్న పని మీద ఒక్కదాని మీదే ఆధారపడొద్దు.

"పని అయినంక మొత్తం ఒకేసారి ఇస్తం" అంటే? అడ్వాన్స్ 15 వేలకు దిగు, ఆ తగ్గించిన 9 వేలు డిజైన్ వాయిదాలో కలుపు. అడ్వాన్స్ అసలే లేకుండా మాత్రం మొదలుపెట్టకు.

ఇంకొకటి, ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారంగా సర్కారు దగ్గర నమోదు. ఆన్‌లైన్‌లో ఉచితమే, అగ్రిమెంట్ కన్నా ముందే చేసుకో. చిన్న వ్యాపారాల కోసం చేసిన 2006 ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం, నీలాంటి చిన్న సప్లయర్‌ చేసి ఇచ్చిన పనిని కొన్నవాళ్లు ఒప్పుకున్న తర్వాత, పైసలు ఇయ్యడానికి 45 రోజులు దాటి గడువు పెట్టడానికి లేదు. గడువు ఏమీ రాసుకోకపోతే 15 రోజులే. ఇది అగ్రిమెంట్‌లో ఒక లైన్‌గా ఉండాలె. మొదటి మెసేజ్‌లో చట్టం పేరు ఎత్తితే బెదిరించినట్టు ఉంటుంది.

బుధవారం దాటిందా, గురువారం పొద్దున ఒక్క ఫోన్ చెయ్. అప్పుడూ ఏ సంగతీ తేలకపోతే, ఆ మూడు వారాలు ఇంకో పనికి ఇస్తున్నానని మర్యాదగా మెసేజ్ పెట్టి, నిజంగానే ఇచ్చెయ్.