ఫోటోలో అక్షరం మార్చారా? మిమ్మల్ని పట్టించేది ఫాంట్ కాదు!

"అన్నా, ఫోటోలో ధర మార్చాను. ఫాంట్ వెతికి వెతికి అదే పెట్టాను. అయినా చూసినవాళ్లంతా ఎడిట్ చేశావా అని అడుగుతున్నారు. ఎందుకు?"

అంచు! అక్షరం అంచు చూసుకోలేదు కాబట్టి. ఈ మాట పోయిన వీడియోలో చెప్పినందుకే కదా ఫాంటే ముఖ్యమని కామెంట్లలో అంత గొడవ. ఇవాళ మళ్లీ చెప్తున్నా, ఇంకా గట్టిగా చెప్తున్నా. ఫోటోలో అక్షరం మార్చేటప్పుడు ఫాంట్ కోసం గంటలు తగలేయకండి. మనిషి కన్ను ముందు పట్టుకునేది అంచునే.

వెంటనే ఒక వర్గం కాలిబ్రి కేసు తెస్తుంది. అవును, 2017లో పాకిస్తాన్‌లో పనామా పత్రాల కేసులో 2006 తేదీ వేసిన పత్రం కాలిబ్రి ఫాంట్‌లో ఉందని పెద్ద రచ్చ అయింది. ఆ ఫాంట్ జనంలోకి విస్తృతంగా వచ్చింది 2007లో. కానీ అక్కడ ప్రశ్న ఆ ఫాంట్ అప్పటికి అందరికీ దొరికేదా అని. ఫోటోలో అక్షరం అతికించినట్టు కనిపించిందా అని కాదు! ఆ కేసు తెచ్చి ఇక్కడ పెడితే ఎలా?

సరే, ఫోటోషాప్ తెరిచి పనిలోకి వద్దాం. టిఫిన్ సెంటర్ ధరల బోర్డు అనుకోండి. పసుపు ఫ్లెక్సీ మీద ఎర్ర అంకెలు, సాయంత్రం ఫోన్‌తో కొంచెం పక్క నుంచి తీసిన ఫోటో. ఇడ్లీ 30, దాని కింద వడ 35. ఇడ్లీ కూడా 35 అయింది. కొత్త ఫ్లెక్సీ వచ్చేదాకా ఓనర్ స్టేటస్‌లో పెట్టుకోవాలి. అంటే మనం మార్చాల్సింది ఒక్క సున్నా. ఈ ఒక్క సున్నా దగ్గరే కొత్తవాళ్లు ఐదు తప్పులూ చేసేస్తారు.

మొదటిది, సున్నా మీద బ్రష్‌తో పసుపు రంగు పూసేయడం. ఫ్లెక్సీ పసుపు అంతా ఒకటే పసుపు కాదు. పైన ట్యూబ్‌లైట్ దగ్గర పాలిపోయి ఉంటుంది, కిందకి వచ్చేకొద్దీ ముదురుతుంది, మధ్యలో గింజలు గింజలుగా నాయిస్ ఉంటుంది. బ్రష్ పూసిన చోట ఆ గింజ చచ్చిపోయి నున్నటి మచ్చ మిగులుతుంది. కొత్త లేయర్ తీసుకుని, క్లోన్ స్టాంప్‌లో Sample దగ్గర Current & Below పెట్టి, సున్నాకి ఆనుకుని ఉన్న పసుపుతోనే చెరపండి. దూరం నుంచి తెచ్చారో, వెలుగు తేడా కొడుతుంది.

రెండోది రంగు. ఎరుపు అనగానే ప్యాలెట్‌లో నిండు ఎరుపు నొక్కేస్తారు. ఫోటోలో మామూలుగా నిండు ఎరుపు ఉండదు, నిండు నలుపూ ఉండదు. ఐడ్రాపర్‌తో పక్క అంకె మధ్యలోంచి రంగు తీసుకోండి. Sample Size మాత్రం 5 by 5 Average పెట్టండి. ఒక్క పిక్సెల్ తీసుకుంటే అది నాయిస్ పిక్సెలే కావచ్చు.

ఇప్పుడు మూడోది. అసలు వీడియో ఇదే!

ఆ ఫోటోని 400 శాతానికి జూమ్ చేసి వడ పక్కనున్న 3 చూడండి. ఎరుపు ఆగిపోయి వెంటనే పసుపు మొదలవదు. మధ్యలో మూడు నాలుగు పిక్సెళ్లు అటూ ఇటూ కాని రంగులో ఉంటాయి. లెన్సు, ఫోకస్, చెయ్యి వణుకు, జేపెగ్ అన్నీ కలిసి అంచుని అలా కరిగించాయి. దాని చుట్టూ సన్నగా ఒక పాలిపోయిన గీత కూడా కనిపించవచ్చు. అది ఫోన్ తనంతట తాను షార్ప్ చేయడం వల్ల వచ్చింది. ఇప్పుడు మీరు టైప్ చేసిన 5 చూడండి. ఒక పిక్సెల్ ఎరుపు, పక్క పిక్సెల్ పసుపు. బ్లేడుతో కోసినట్టు ఉంటుంది! ఫాంట్ ప్రాణం పెట్టి వెతికి పెట్టినా ఇది మాత్రం దొరికిపోతుంది.

అందుకే నేను మొత్తుకునేది. టైప్ చేయకండి, అరువు తెచ్చుకోండి! కిందనే వడ దగ్గర 5 ఉంది కదా. అసలు ఫోటో లేయర్ ఎంచుకుని, లాసోతో చుట్టూ కొంచెం పసుపు కూడా కలిసేలా గీసి, Ctrl+J కొట్టండి. కొత్త లేయర్‌లో 5 వచ్చేస్తుంది. ఆ లేయర్‌ని చెరిపిన లేయర్ కంటే పైన పెట్టి, 5ని ఇడ్లీ వరుసలోకి జరిపి, లేయర్ మాస్క్ మీద మెత్తటి నల్ల బ్రష్‌తో చుట్టూ ఉన్న పసుపు అంచుని కరిగించండి. పైన వెలుగు ఎక్కువ కాబట్టి ఆ ముక్క కొంచెం ముదురుగా కనిపిస్తుంది. ఆ లేయర్‌కే పరిమితమయ్యేలా Curves వేసి కొద్దిగా లేపండి. చూశారా? ఫాంట్, రంగు, అంచు, గింజ, చివరికి ఆ పాలిపోయిన గీత కూడా దానితోపాటే వచ్చేశాయి. ఒక్కటి మాత్రం చూసుకోండి. ఆ 5 మీద మడతో, మెరుపు చుక్కో ఉంటే రెండు చోట్లా ఒకేలా కనిపిస్తుంది. దాన్ని క్లోన్ స్టాంప్‌తో తీసేయండి.

తెలుగు అక్షరాలకైతే ఈ పద్ధతి ఇంకా నిజం. మన ఫ్లెక్సీ షాపుల్లో ఎన్నో ఏళ్లుగా నడుస్తున్నవి అను ఫాంట్లు. మీ ఫోన్‌లో ఉన్న యూనికోడ్ ఫాంట్‌తో ఆ వంపు రాదు. పైగా పాత ఫోటోషాప్‌లో సెట్టింగ్ మార్చకపోతే వత్తులు అక్షరం కింద కాకుండా పక్కన పడతాయి. Preferences, అందులో Type, అక్కడ Middle Eastern and South Asian ఎంచుకోవాలి. ఈ తంటా అంతా ఎందుకు? బోర్డు మీద ఇంకో చోట అదే అక్షరం ఉందేమో ముందు వెతకండి!

ఎక్కడా లేకపోతే అప్పుడు టైప్ చేయండి. ఆ లేయర్‌ని ముందు Smart Object చేసుకుంటే తర్వాత విలువలు మార్చుకోవచ్చు. Gaussian Blur అర పిక్సెల్ దగ్గర మొదలుపెట్టి, అంచులో పక్క అంకెకి ఎన్ని పిక్సెళ్లు కరిగాయో దీనికీ అన్నే కరిగేదాకా పెంచండి. తర్వాత Add Noise, ఒకటి రెండు శాతం చాలు. బ్లర్ ముందు, నాయిస్ తర్వాత. తిరగేస్తే గింజ కూడా కరిగిపోతుంది.

నాలుగోది, పక్క నుంచి తీసిన ఫోటోలో అంకెని నిటారుగా నిలబెట్టడం. ఇడ్లీ వరుసలో అక్షరాల అడుగు భాగాలని కలుపుతూ వేరే లేయర్‌లో ఒక గీత గీయండి. అది వాలుగా ఉంటుంది. Ctrl+T కొట్టి, Ctrl పట్టుకుని మూలలు లాగి, 5 అడుగుని ఆ గీత మీద కూర్చోబెట్టండి. వడ దగ్గరి 5 అదే నిలువు వరుసలో ఉంది కాబట్టి పెద్దగా లాగే పని ఉండదు. బోర్డు అవతలి చివర నుంచి తెస్తే సైజు కూడా మారుతుంది.

ఇక్కడ ఒక మాట. ఓనర్ తన బోర్డు తను మార్చుకోవడం వేరు. మార్కుల మెమో, పేమెంట్ స్క్రీన్‌షాట్ మార్చి పెట్టమని నాకు మెసేజ్ చేసేవాళ్లకి జవాబు రాదు. అది ఫోర్జరీ.

ఐదోది సేవ్ చేయడం. జేపెగ్‌ని తెరిచి, మార్చి, సేవ్ చేసి, మళ్లీ తెరిచి ఇంకోటి మార్చడం. సేవ్ చేసిన ప్రతిసారీ అది మళ్లీ కంప్రెస్ అవుతుంది, అంకెల చుట్టూ మురికి చుక్కలు పెరుగుతాయి. పని అంతా PSDలో ఉంచుకుని, జేపెగ్ ఒక్కసారే, క్వాలిటీ 12కి 10 పైన పెట్టి తీయండి. అసలు ఫోటో ఓనర్ దగ్గర తీసుకునేటప్పుడే వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమని అడగండి. ఫోటోగా పంపితే మీ చేతికి వచ్చేసరికే అంచులు చెడిపోయి ఉంటాయి, ఆ చెడిపోయిన అంచుకి సరిపోయేలా మీరు తంటాలు పడాలి.